థాయ్ బాట్, 1997: ఖజానాలో 32 బిలియన్లు చూపిస్తూనే ఎలా చేతులెత్తేశారు?

నల్లకుంట_నాని

గ్రూప్-1కి చదువుతున్నాను. 1997 ఆసియా సంక్షోభం గురించి నా నోట్సులో ఉన్నది ఇంతే: "స్పెక్యులేటర్లు బాట్ మీద దాడి చేశారు, రిజర్వులు అయిపోయాయి, జులై 2న థాయ్‌లాండ్ బాట్‌ను వదిలేసింది." కోచింగ్ సార్‌ని అడిగితే "అంతవరకు చాలు, రాసెయ్" అన్నారు.

నాకు లెక్క కుదరడం లేదు. 1996 చివర్లో వాళ్ళ దగ్గర 38 బిలియన్ డాలర్లకు పైనే ఉన్నాయి. 1997 జూన్ చివర్లో కూడా అధికారికంగా చూపించింది 32 బిలియన్లు. ఆరు బిలియన్లే తగ్గాయి కదా. 32 చేతిలో పెట్టుకుని ఎందుకు వదిలేశారు? ఇంకోటి, "అందరూ పడుతుందనుకుంటే పడుతుంది" అని ప్రతిచోటా రాస్తారు. అదేం లెక్క? రేపు వాన పడుతుందని ఊరంతా అనుకుంటే పడిపోతుందా?

రవ్వదోశ_రాజు

సోరోస్. ఆ ఒక్క పేరు రాసెయ్ బ్రో, మార్కులు పడతాయి. 1992లో ఇంగ్లండ్ పౌండును పడగొట్టి బిలియన్ డాలర్లు వెనకేసుకున్నాడు. ఐదేళ్ళకి అదే ఆట బ్యాంకాక్‌లో ఆడాడు. అయిపోయింది.

మానేరు_గాలి

రాజన్నా, మన అందరి కష్టాలకూ ఎవడో ఒకడు దొరకాలి కదా. ఒక్క మనిషి ఒక దేశం ఖజానా ఖాళీ చేస్తాడా? థాయ్‌లాండ్‌లో అప్పటికే తేడా ఉంది. 1995, 96 రెండేళ్ళూ కరెంట్ అకౌంట్ లోటు జీడీపీలో 8 శాతం దాకా. 96లో ఎగుమతులు పెరగడమే ఆగిపోయింది. బ్యాంకాక్‌లో కట్టిన అపార్ట్‌మెంట్లు అమ్ముడుపోక ఖాళీగా ఉన్నాయి. పండు మగ్గింది, రాలింది. చెట్టు ఎవరు ఊపారన్నది రెండో ప్రశ్న.

డీలింగ్‌రూం_తాత

నాని బాబూ, ఆ 32 అబద్ధం కాదు. అలాగని నిజమూ కాదు. 1997లో నేను ముంబైలో ఒక బ్యాంకు డీలింగ్ రూంలో కూర్చునేవాణ్ణి. బాట్ మా చేతికి వచ్చే సరుకు కాదు గానీ, తెరమీద రోజూ చూసేవాళ్ళం. కాస్త ఓపిగ్గా చదువు.

బాట్‌ను కరెన్సీల బుట్టకి కట్టారు. ఆ బుట్టలో సింహభాగం డాలరే కాబట్టి, సులువుగా డాలర్‌కి 25 బాట్ అనుకో. ఎవరైనా 2,500 బాట్ తెచ్చి బల్ల మీద పెడితే బ్యాంక్ ఆఫ్ థాయ్‌లాండ్ 100 డాలర్లు ఇవ్వాల్సిందే. ఇచ్చింది. రిజర్వు 100 తగ్గింది. దాంతోపాటు ఇంకోటి జరిగింది. బజార్లో తిరుగుతున్న 2,500 బాట్ సెంట్రల్ బ్యాంకు లోపలికి వెళ్ళిపోయాయి. బయట బాట్‌కి కటకట వస్తుంది, వడ్డీ ఎగురుతుంది. అసలైన కాపలా అదే. అమ్ముదామనుకున్నవాడికి అప్పుగా బాట్ దొరక్కపోతే వాడు ఏం అమ్ముతాడు?

కానీ వడ్డీ ఎగిరితే అక్కడి ఫైనాన్స్ కంపెనీలు చస్తాయి. మానేరు గారు చెప్పిన ఖాళీ అపార్ట్‌మెంట్ల మీద అప్పులిచ్చింది అవే. సెంట్రల్ బ్యాంకు వాళ్ళ ఫండు ఒకపక్క వాటికి బాట్ పోసి బతికిస్తోంది. మరి వడ్డీ పెరగకూడదు, రిజర్వు తగ్గినట్టు కనబడకూడదు. అప్పుడు వాళ్ళకి దొరికిన దారి స్వాప్. మార్కెట్లోకి వెళ్ళి ఇలా అడిగారు: "ఇవాళ మీ 100 డాలర్లు మాకివ్వండి, 2,500 బాట్ తీసుకోండి. కొన్ని నెలల తర్వాత మీ డాలర్లు మీకిచ్చేస్తాం, మా బాట్ మాకివ్వండి. రేటు ఇవాళే రాసేసుకుందాం."

ఇప్పుడు పుస్తకం తెరిచి చూడు. పొద్దున పోయిన 100 డాలర్లు సాయంత్రానికి వచ్చేశాయి. బయట బాట్ కటకట లేదు, వడ్డీ కదల్లేదు, రిజర్వు అంకె అలాగే ఉంది. తిరిగివ్వాల్సిన 100 డాలర్ల సంగతి మాత్రం రిజర్వు అంకెలో ఎక్కడా లేదు. జూన్ చివరికి అలాంటి బాకీలు దాదాపు 29 బిలియన్లకు చేరాయి. నీ 32లోంచి అవి తీసెయ్. మూడు బిలియన్ల లోపు మిగులుతుంది. నువ్వడిగిన ప్రశ్నకి జవాబు అక్కడుంది.

నల్లకుంట_నాని

అంటే పక్కింటావిడ గొలుసు అరువు తెచ్చుకుని పెళ్ళిలో మెరిసినట్టా?

డీలింగ్‌రూం_తాత

అంతే. పైగా ఆ గొలుసు తెచ్చుకోవడానికి ఆవిడకి ఇచ్చిన బాట్ ఎక్కడికి పోయిందో కూడా చూడు. అది మళ్ళీ మార్కెట్లోకి వచ్చింది. రేపు పొద్దున అదే బాట్‌ను ఎవడో అప్పు తెచ్చుకుని మళ్ళీ అదే బల్ల మీద పెట్టి ఇంకో 100 డాలర్లు అడుగుతాడు. తన మీద దాడి చేసేవాడికి రాళ్ళు ఏరి ఇచ్చింది సెంట్రల్ బ్యాంకే.

విశాఖ_కెరటం

నేను డల్లాస్‌లో ఉంటాను. రూపాయి ఇంకా పడుతుందా? ఇప్పుడే ఇంటికి పంపాలా, ఆగాలా? ఫ్లాట్ రిజిస్ట్రేషన్ వచ్చే నెల.

రవ్వదోశ_రాజు

కెరటం గారూ, ఇది థాయ్ బాట్ త్రెడ్డండీ. బ్యాంకాక్‌లో ఫ్లాటైతే చెప్పండి, 1997లో చాలా ఖాళీగా ఉన్నాయట.

ఖాతాపుస్తకం

తాత గారు బ్యాంకు వైపు లెక్క చెప్పారు. అమ్మేవాడి వైపు లెక్క నేను చెప్తాను. నాని గారి వాన ప్రశ్నకి కూడా దారి అక్కడే ఉంది. వడ్డీలు ఉదాహరణకి అనుకున్నవే.

నేను 2,500 బాట్ అప్పు తెచ్చాను, ఏడాదికి 12 శాతం వడ్డీ, మూడు నెలల గడువు. దాన్ని అమ్మి 100 డాలర్లు కొన్నాను. డాలర్ మీద నాకు 6 శాతం వస్తుంది. మూడు నెలల తర్వాత నా దగ్గర 101.50 డాలర్లు, నా బాకీ 2,575 బాట్.

బాట్ 25 దగ్గరే నిలబడిందనుకోండి. బాకీ తీర్చడానికి 103 డాలర్లు కావాలి. నా నష్టం డాలరున్నర. బాట్ 30కి జారిందనుకోండి. 2,575 బాట్ కొనడానికి 86 డాలర్లు కూడా అక్కర్లేదు. నాకు మిగిలేది 15 డాలర్ల పైన. పదిసార్లు ఓడిపోయి పదకొండోసారి గెలిచినా నేను లాభంలోనే ఉంటాను. బాట్ బలపడి 20కి వచ్చే భయం లేదు, ఎందుకంటే పైకి వెళ్ళకుండా కూడా సెంట్రల్ బ్యాంకే పట్టుకుని కూర్చుంది. ఇలాంటి బేరం ఎవరు వదులుకుంటారు? దీనికి సోరోస్ అక్కర్లేదు, వడ్డీ లెక్క తెలిసిన గుమస్తా చాలు.

నల్లకుంట_నాని

మేడం, అదే నిజమైతే కట్టేసిన ప్రతి కరెన్సీ మీదా ప్రతిరోజూ దాడి జరగాలి కదా? ఎందుకు జరగదు?

ఖాతాపుస్తకం

మంచి ప్రశ్న. పదకొండులో ఒక్క వంతు అవకాశమైనా ఉందని నేను నమ్మాలి. ఆ నమ్మకం పక్కవాళ్ళ మీద ఆధారపడి ఉంటుంది. ఖజానాలో 100 ఉందనుకోండి. మేం పదిమందిమి, ఒక్కొక్కరం 15 మాత్రమే అమ్మగలం. నేనొక్కదాన్నే అమ్మితే ఖజానాకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు, నా డాలరున్నర పోతుంది. ఏడుగురం ఒకేసారి వెళ్తే 105, ఖజానా ఖాళీ. కాబట్టి మిగతావాళ్ళు ఇంట్లో కూర్చుంటారనుకుంటే నేనూ కూర్చుంటాను, బాట్ నిలబడుతుంది. వాళ్ళు వెళ్తారనుకుంటే నేనూ పరుగెత్తుతాను, బాట్ పడుతుంది. ఖజానా రెండుసార్లూ అదే, దేశం అదే. మారింది పక్కవాడి గురించి నా అంచనా. వానకి మనం ఏమనుకుంటున్నామో తెలియదు. ఇక్కడ అనుకోవడమే మేఘం.

మానేరు_గాలి

ఇది మాకు యూరియా దగ్గర బాగా తెలుసు మేడం. మా మండలంలో ఒకసారి స్టాకు వచ్చింది, సాగుకి సరిపడానే వచ్చిందన్నారు. కానీ "ఈసారి లారీ రాదట" అని ఒక మాట పుట్టింది. తెల్లారేసరికి సొసైటీ ముందు చెప్పుల వరుస. రెండు బస్తాలు కావాల్సినవాడు ఆరు రాయించుకున్నాడు, ఇంకా నాటు వేయనివాడు కూడా వచ్చాడు. మధ్యాహ్నానికి గోదాం ఖాళీ. సాయంత్రం అందరూ అన్న మాట: "చెప్పలే? అయిపోతదని." నా చెప్పులూ ఆ వరుసలో ఉన్నాయి, దాచుకోను.

అయినా నా మాట మీద నేనున్నాను. గోదాంలో పది లారీల స్టాకు ఉంటే ఆ మాట పుట్టినా ఎవడూ చెప్పులు పెట్టడు. స్టాకు సరిగ్గా అంచుమీద ఉంది కాబట్టే పుకారు పనిచేసింది. అసలు జబ్బు స్టాకుదే.

రవ్వదోశ_రాజు

ఒప్పుకుంటా, చెప్పుల వరుస సూపర్. కానీ నాకు తెలిసి రిజర్వు సున్నాకి వచ్చాకే కరెన్సీ వదిలేస్తారు. అంతవరకు అమ్ముతూనే ఉంటారు. సున్నాకి ఎప్పుడు వస్తుందో లెక్కేసుకుంటే సరిపోతుందిగా?

డీలింగ్‌రూం_తాత

సగం కరెక్టు రాజూ. 1979లో పాల్ క్రుగ్మన్ ఈ ప్రశ్నే వేసుకున్నాడు. ప్రభుత్వం నోట్లు అచ్చేసి ఖర్చుపెడుతోంది, నెలకింత రిజర్వు కరుగుతోంది, ఫలానా నెలకి సున్నా అవుతుందని అందరికీ తెలుసు అనుకుందాం. సున్నా అయిన రోజు కరెన్సీ ఒక్కసారిగా దిగుతుంది. ఆ తెల్లారి డాలర్ చేతిలో ఉన్నవాడికి పండగ. అంటే అందరూ ముందురోజే కొంటారు. ముందురోజే అయిపోతుందని తెలిస్తే దానికి ముందురోజు. అలా వెనక్కి జరుగుతూ వచ్చి, ఖజానాలో ఇంకా గట్టిగానే డబ్బున్న రోజునే మిగిలిందంతా ఒక్క ఊపులో పోతుంది. మానేరు గారి యూరియా నెల తర్వాత అయిపోవాల్సింది మధ్యాహ్నానికే అయిపోయినట్టు.

కానీ అది క్రుగ్మన్ చూపిన బొమ్మ మాత్రమే. థాయ్ ప్రభుత్వం నోట్లు అచ్చేసి తగలేసే రకం కాదు. బడ్జెట్ మిగులులో ఉన్న దేశమది, అప్పంతా ప్రైవేటువాళ్ళది. ఆ బొమ్మ దీనికి సరిగ్గా అతకదు.

సింగపూర్_సీత

మా పెదనాన్న అప్పట్లో బ్యాంకాక్ దగ్గర ఒక రంగుల ఫ్యాక్టరీలో కెమిస్టు. నెలకి 20,000 బాట్ ఇంటికి పంపేవారు. జులైకి ముందు అది కాకినాడలో 28,000 రూపాయలకు పైనే అయ్యేది. జనవరిలో అదే 20,000 బాట్ పంపితే వచ్చింది పద్నాలుగు వేల చిల్లర. పెద్దమ్మ డ్రాఫ్టు చేతిలో పెట్టుకుని "ఈయన సగం జీతం ఏం చేస్తున్నాడు అక్కడ" అని మా నాన్నని నిలదీసింది. ఫోన్లో నిమిషానికి అంత ఖర్చయ్యే రోజుల్లో పావుగంట సంజాయిషీ చెప్పుకున్నారట పాపం.

పెదనాన్న చెప్పిన ఇంకో సంగతి ఈ త్రెడ్డుకి పనికొస్తుంది. వాళ్ళ ఫ్యాక్టరీ యజమాని డాలర్లలో అప్పు తెచ్చాడు, బాట్ వడ్డీ కంటే చవకని. 25 మారదని అందరికీ నమ్మకం కాబట్టి ఏ జాగ్రత్తా తీసుకోలేదు. మే నెలలో గొడవ మొదలయ్యాక అకౌంటెంటు రోజూ బ్యాంకుకి పరుగు. ఎంత దొరికితే అంత డాలర్ ముందే కొనేయమని యజమాని హుకుం. ఆయన దేశద్రోహీ కాదు, జూదరీ కాదు. దుకాణం కాపాడుకుంటున్నాడు.

ఖాతాపుస్తకం

సీత గారూ, నా దృష్టిలో ఈ త్రెడ్డులో అసలు పాయింటు ఇదే. 1993లో ఆఫ్‌షోర్ బ్యాంకింగ్ తలుపులు తెరిచాక అలాంటి డాలర్ అప్పులు కుప్పలుగా పెరిగాయి, అందులో ఏడాదిలోపు తీర్చాల్సినవే ఎక్కువ. రేటును 25 దగ్గర కట్టేసిన ఆ పెగ్ మీద నమ్మకమే ఆ అప్పుల్ని పుట్టించింది. అదే నమ్మకం సడలగానే ఆ అప్పులున్నవాళ్ళే బల్ల ముందు మొదటి వరుసలో నిలబడ్డారు. బయటి ఫండ్లు మొదలుపెట్టి ఉండొచ్చు, వరుసను పెంచింది ఊళ్ళోవాళ్ళే.

రవ్వదోశ_రాజు

అయితే మే నెలలో ఆ ఫండ్లకి థాయ్‌వాళ్ళు వాత పెట్టారని చదివాను. అదీ చెప్పండి తాతా, మరీ చేతకానివాళ్ళని చేసేశారు.

డీలింగ్‌రూం_తాత

పెట్టారు, గట్టిగానే. మే మధ్యలో అతిపెద్ద దాడి. సింగపూర్ లాంటి పొరుగు సెంట్రల్ బ్యాంకులు కూడా చెయ్యేశాయి. అది చాలక దేశీ బ్యాంకులకి ఒక మాట చెప్పారు: బయటివాళ్ళకి బాట్ అప్పు ఇవ్వకండి. అంతే, మార్కెట్ రెండుగా చీలింది. దేశం లోపల వడ్డీ మామూలుగానే ఉంది. బయట, బాట్ తిరిగివ్వాల్సిన గడువున్నవాడికి ఎక్కడా బాట్ లేదు. రాత్రికి రాత్రి అప్పు వడ్డీ ఏడాది లెక్కన వెయ్యి శాతం దాటింది. ఖాతాపుస్తకం గారి డాలరున్నర నష్టం లెక్క ఆ వారం తలకిందులైంది. పెద్ద పెద్ద ఫండ్లు నష్టానికి తెగనమ్ముకుని బయటపడ్డాయి.

బ్యాంకాక్‌లో గెలిచామనుకున్నారు. కానీ ఆ గెలుపుకి ఖర్చయిన డాలర్లు తిరిగిరాలేదు, స్వాప్ బాకీగా కూర్చున్నాయి. ఇక బయటివాడికి వేసిన తాళం సీత గారి పెదనాన్న యజమానిని ఆపదు కదా. ఆయన లోపలివాడు, డాలర్ కొనుక్కునే హక్కున్నవాడు. జూన్ 19న ఆర్థికమంత్రి అమ్నుయ్ రాజీనామా చేశాడు. 27న పదహారు ఫైనాన్స్ కంపెనీల తలుపులు మూయించారు. 30న ప్రధాని చవలిత్ టీవీలో బాట్ విలువ తగ్గించబోమన్నాడు. రెండురోజులకి వదిలేశారు.

ఆ రోజుల్లో మా డీలింగ్ రూంలో ఒక సామెతలాంటిది ఉండేది. మంత్రి "తగ్గించం" అన్నాడంటే తారీఖు దగ్గర పడిందని.

విశాఖ_కెరటం

నా ప్రశ్న అంత పిచ్చిదేం కాదు. మన రిజర్వు బ్యాంకు కూడా ఇలాంటి ఫార్వర్డ్ బాకీలు పెట్టుకుందని వార్తల్లో చూశాను. మరి మనకి భయం లేదా?

డీలింగ్‌రూం_తాత

ఇప్పుడు సరైన ప్రశ్న అడిగావమ్మా, లేక బాబూ. ఉన్నాయి. 2025 ఫిబ్రవరి చివరికి అవి 88 బిలియన్ డాలర్ల దాకా వెళ్ళాయి. తేడాలు రెండు. అప్పటికి మన రిజర్వులు 600 బిలియన్ల పైన, అందులో ఈ బాకీ చిన్న ముక్క. రెండోది, ఆ అంకె నాకెలా తెలుసు? రిజర్వు బ్యాంకు నెలనెలా అచ్చువేస్తుంది కాబట్టి. 1997లో బ్యాంకాక్ బాకీ సంగతి లోకానికి తెలిసింది ఆగస్టులో, ఐఎంఎఫ్ అప్పు మంజూరైన వేళ. అప్పుడు బయటపెట్టిన అంకె 23.4 బిలియన్లు. ఆ దెబ్బ తర్వాతే, 1999లో, రిజర్వుతో పాటు ఫార్వర్డ్ బాకీలూ చూపించే పట్టికను ఐఎంఎఫ్ తయారుచేసింది.

ఇంకోటి, రూపాయికి ఫలానా రేటు దగ్గర ఇస్తామని ఎవరూ మాటివ్వలేదు. రోజూ కొంచెం కొంచెం జారుతుంది. కాపాడాల్సిన గీత లేనప్పుడు ఆ గీత మీదికి దండెత్తేవాడూ ఉండడు. ఫ్లాట్ సంగతి నన్నడక్కు, నేను 1994లో కొనాల్సిన ఫ్లాట్ వదులుకున్నవాణ్ణి.

మానేరు_గాలి

తాత గారూ, మరి 1991లో మనది? అప్పుడు మనమూ గీత గీసుకునే ఉన్నాం.

డీలింగ్‌రూం_తాత

ఉన్నాం. కానీ అది వేరే రకం. అప్పట్లో రూపాయిని అప్పు తెచ్చుకుని విదేశంలో అమ్మేవాడెవడూ లేడు, తలుపులన్నీ మూసి ఉన్నాయి. డబ్బు వేరే దారిన పోయింది: బయటి బ్యాంకులు పాత అప్పుల్ని తిరగరాయలేదు, ఎన్ఆర్ఐలు డిపాజిట్లు వెనక్కి తీసుకున్నారు. ఇంగ్లండుకి 47 టన్నుల బంగారం వెళ్ళింది, జులైలో రెండు దఫాలుగా రూపాయి దించారు. చెప్పుల వరుస అప్పుడూ ఉంది, నిలబడ్డవాళ్ళు వేరు.

ఖాతాపుస్తకం

మానేరు గారి "పండు మగ్గింది" మాట దగ్గరికి మళ్ళీ వస్తాను. ఒప్పుకుంటాను, 25 ఎక్కువ రేటే. పదో పదిహేనో శాతం దిగితే సరిపోయేదేమో. కానీ జనవరికి 56 దాకా వెళ్ళింది. సగానికి సగం. ఎగుమతుల మందగింపు అంత పతనాన్ని చెప్పదు. 25 దగ్గర బతికి ఉన్న కంపెనీ 40 దగ్గర దివాలా, ఎందుకంటే డాలర్ అప్పు బాట్‌లో ఉబ్బింది. దివాలా కంపెనీలున్న దేశం కరెన్సీ ఇంకా పడాలని అందరూ అనుకుంటారు, కాబట్టి 56. పడటమే పడటానికి కారణాన్ని తయారుచేసింది. ఆరు నెలల ముందు లేని జబ్బు అది.

మానేరు_గాలి

సగం నమ్ముతున్నా. మరి హాంకాంగ్ ఎందుకు పడలేదు? అదే గాలి అక్కడికీ వీచింది. 1997 అక్టోబరులో అక్కడ రాత్రి వడ్డీ 280 శాతానికి ఎగరనిచ్చారు. 98 ఆగస్టులో ప్రభుత్వం షేర్లు కూడా కొంది, 118 బిలియన్ హాంకాంగ్ డాలర్ల విలువైనవి. అమెరికా డాలర్‌కి 7.8 హాంకాంగ్ డాలర్ల రేటు అలాగే నిలబడింది. వాళ్ళ బ్యాంకులు గట్టివి, 280 శాతాన్ని తట్టుకున్నాయి. థాయ్ ఫైనాన్స్ కంపెనీలు తట్టుకోలేవు. మళ్ళీ నా స్టాకు మాటే గెలిచింది.

ఖాతాపుస్తకం

లేక తట్టుకుంటారని అందరూ నమ్మారు కాబట్టి తట్టుకున్నారా? ఇంగ్లండ్ బ్యాంకులు థాయ్ కంపెనీల్లా కుళ్ళిపోయి లేవు కదా. 1992 సెప్టెంబరు 16న వడ్డీ పొద్దున 10 నుంచి 12 అన్నారు, మధ్యాహ్నం రేపట్నుంచి 15 అన్నారు. పౌండు లేవలేదు. ఇళ్ళ అప్పుల వాయిదాలు వడ్డీతో పాటే పెరిగే దేశంలో, మాంద్యం మధ్యలో, 15 శాతం ఎన్నాళ్ళు ఉంచుతారో అందరికీ తెలుసు. సాయంత్రానికి వదిలేశారు. మార్కెట్ చూసింది ఖజానాని కాదు, నొప్పి ఎంతవరకు ఓర్చుకుంటారన్నది.

డీలింగ్‌రూం_తాత

మీ ఇద్దరి మధ్య నేను దూరను. నా మట్టుకు నాకు, బాగా గట్టిగా ఉన్నదాన్ని పుకారు పడగొట్టలేదు, బాగా కుళ్ళినదాన్ని నమ్మకం నిలబెట్టలేదు. గొడవంతా ఆ మధ్యలో ఉన్నవాటితోనే. 1997 మేలో థాయ్‌లాండ్ ఆ మధ్యలో ఉందా, దాటిపోయిందా? నేను ఇరవై ఏళ్ళుగా అటూ ఇటూ మార్చుకుంటున్నాను.

నల్లకుంట_నాని

ఇంకో సందేహం. జూన్‌లో ఆ మూడు బిలియన్ల నిజం బయటికి చెప్పేసి ఉంటే? అప్పుడే పడేదా, లేక దాచడం వల్లే అంత దూరం పడిందా?

సింగపూర్_సీత

మా పెదనాన్న యజమానికి మార్చిలో తెలిసి ఉంటే మార్చిలోనే డాలర్లు కొనేవాడు. 25 దగ్గర. ఫ్యాక్టరీ బతికేదేమో. ఖజానా మాత్రం మార్చిలోనే ఖాళీ అయ్యేది.

రవ్వదోశ_రాజు

మరి ఫ్యాక్టరీ ఏమైంది చివరికి?

సింగపూర్_సీత

98లో మూతపడింది. పెదనాన్న కాకినాడ వచ్చేశారు. ఆ ఏడాది బాట్‌లో దాచుకున్నదంతా మార్చకుండా ఉంచేశారు, "మళ్ళీ 25కి వస్తుంది" అని. పెద్దమ్మ ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది.